బఫర్ ఎంతవరకు కాస్తుంది?

బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్ రికార్డుల్లో తరచూ ఒక వాక్యం కనిపిస్తుంది: ‘బఫర్ పీహెచ్‌ను మారనివ్వదు.’ ఇది సగమే నిజం. పీహెచ్ మారుతుంది. కాకపోతే తక్కువ మారుతుంది, అదీ కొంతవరకే.

ఎసిటేట్ బఫర్‌నే తీసుకుందాం. ఒక బీకరులో 100 మిల్లీలీటర్ల ద్రావణం ఉంది. అందులో ఎసిటిక్ ఆమ్లం 5 మిల్లీమోల్స్, సోడియం ఎసిటేట్ 5 మిల్లీమోల్స్. రెండూ సమానం కనుక పీహెచ్ ఆ ఆమ్లపు పీకేఏ దగ్గరే, అంటే 4.76 దగ్గర నిలుస్తుంది. ఇందులో 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక మిల్లీలీటరు పోస్తే, దాని హైడ్రోజన్ అయాన్లను ఎసిటేట్ పట్టేసి ఎసిటిక్ ఆమ్లంగా మారుతుంది. పోసిన ఆమ్లం మాయం కాలేదు. అయాన్లను అంత తేలిగ్గా వదలని బలహీన ఆమ్లం రూపంలో ఉండిపోయింది. ఇప్పుడు ఎసిటేట్ 4, ఆమ్లం 6. పీహెచ్ 4.58. అదే చుక్కలు 100 మిల్లీలీటర్ల మంచి నీటిలో పడితే పీహెచ్ 7 నుంచి 2కు పడిపోయేది.

నాలుగు మిల్లీలీటర్లు పోసినా పీహెచ్ 3.8 దగ్గర ఉంటుంది. ఐదోది పడగానే ఎసిటేట్ అయిపోయి 2.9కి దిగుతుంది. ఆరోదానితో దాదాపు 2. ఇక అది పేరుకే బఫర్.

ఇదే బఫర్‌ను పదో వంతు గాఢతతో తయారుచేస్తే మీటరు మొదట అదే 4.76 చూపిస్తుంది. పీహెచ్ ఆధారపడేది రెండింటి నిష్పత్తి మీద కాబట్టి, చూడ్డానికి రెండు బీకర్లకూ తేడా తెలియదు. కానీ పలచని దాంట్లో ఎసిటేట్ అర మిల్లీమోలే ఉంది. మొదటి మిల్లీలీటరు ఆమ్లానికే అది చేతులెత్తేసి 2.3కి జారుతుంది. అందుకే రికార్డులో పీహెచ్ ఒక్కటే రాస్తే చాలదు, గాఢత కూడా రాయాలి. పీకేఏకు ఒక యూనిట్ అటూ ఇటూ దాటినా చిక్కే. పీహెచ్ 7 దగ్గర ఎసిటేట్ బఫర్‌లో ఆమ్లం పాలు నూటికి ఒకటి కూడా ఉండదు, క్షారం పడితే అడ్డుకునేదేమీ లేనట్టే.

ఎంజైమ్ ప్రయోగాల్లో ఆమ్లాన్ని ఎవరూ పోయనక్కర్లేదు, చర్యే పుట్టిస్తుంది. లైపేజ్ కొవ్వును విడగొడుతుంటే కొవ్వు ఆమ్లాలు పోగవుతాయి. కాసేపటికి చర్య మందగిస్తే ఎంజైమ్ చచ్చిపోయిందని రాసేస్తారు. ముందు చివరి పీహెచ్ కొలవాలి. అది పడిపోయి ఉంటే బఫర్ గాఢత రెట్టింపు చేసి మళ్లీ చేయాలి. అప్పుడు వేగం ఎక్కువసేపు నిలిస్తే తప్పు చాలావరకు బఫర్‌దే. అలాగని గాఢతను ఇష్టమొచ్చినట్టు పెంచలేం. లవణం ఎక్కువైతే దాని ప్రభావం ఎంజైమ్ వేగం మీదా పడుతుంది.