ఫ్రిజ్‌లో ఏ మందు పెట్టాలి, ఏది పెట్టకూడదు?

మే నెల ఉక్కపోతకు భయపడి కాకినాడ, మచిలీపట్నం వైపు చాలా ఇళ్లలో మందుల సంచీని మొత్తంగా ఫ్రిజ్‌లో పెట్టేస్తారు. కానీ మాత్రలను ఎండ ఎంత పాడుచేస్తుందో చెమ్మ కూడా అంతే పాడుచేస్తుంది. చల్లబడిన డబ్బా మూత తీసిన ప్రతిసారీ తేమగాలి లోపలికి పోయి మాత్రల మీద నీరు పడుతుంది. ఆస్పిరిన్ ఇలా చెమ్మగిల్లితే వెనిగర్ వాసన వస్తుంది. అది మందు విరిగిపోయిందనడానికి గుర్తు, ఇక వాడకూడదు. మాత్రలను స్ట్రిప్పులోనే ఉంచి, వేసుకునే ముందే తీసి, పడకగది బీరువాలో పెట్టుకుంటే చాలు. పొయ్యి పక్కన, స్నానాలగదిలో, వేడిగా ఉండే ఫ్రిజ్ నెత్తిమీద వద్దు.

సీసా మీద వేరే సూచన లేకపోతే దగ్గు సిరప్పులూ బయటే ఉండాలి. పిల్లలకు నీళ్లు కలిపి ఇచ్చే అమాక్సిసిలిన్-క్లావులనేట్ మందు మాత్రం కలిపాక ఫ్రిజ్‌లోకే వెళ్లాలి. ఏడు రోజులు దాటితే మిగిలింది పారబోయాల్సిందే.

ఫ్రిజ్ అవసరం నిజంగా ఉన్నది ఇన్సులిన్‌కి. తెరవని సీసాకు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి. తలుపు అర వద్దు, తీసి వేసినప్పుడల్లా అక్కడ వేడి మారుతుంది. ఐసుగది పక్కన అసలే వద్దు. ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపించినా పనిచేయదు. మధ్య అరలో, గోడకు తగలకుండా డబ్బాలో పెట్టాలి.

తెరిచిన సీసాను చాలా రకాల్లో 28 రోజుల్లోపు వాడేయాలి. మన దగ్గర దొరికే 10 మిల్లీలీటర్ల, 40 యూనిట్ల సీసాలో మొత్తం 400 యూనిట్లుంటాయి. రోజుకు 10 యూనిట్లు తీసుకునే పెద్దాయన 28 రోజుల్లో వాడేది 280. మిగిలిన 120 వృథా. అలాంటివారు 300 యూనిట్ల పెన్ కార్ట్రిడ్జ్ గురించి డాక్టరును అడగడం మంచిది. కంటిచుక్కల మందునూ తెరిచిన రోజు సీసామీద రాసుకుని, సాధారణంగా నెలకు మించి వాడకూడదు. గ్లకోమాకు వాడే లటానోప్రోస్ట్ చుక్కలను తెరిచేదాకా ఎక్కువగా ఫ్రిజ్‌లోనే పెట్టమంటారు.

కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవకండి. పొద్దస్తమానం కరెంటు లేని ఊళ్లలో కుండలో కుండ పెట్టి, మధ్యలో తడి ఇసుక పోసి, మూత బిగించిన డబ్బాలో ఇన్సులిన్ ఉంచుతారు. నీరు ఆవిరైతేనే కుండ చల్లబడుతుంది. అందుకే రామగుండం పొడి ఎండలో బాగా పనిచేసేది, తీరంలో, వానాకాలంలో అంతగా పనిచేయదు.

తేటగా ఉండాల్సిన ఇన్సులిన్ మసకబారినా, పాలలా ఉండాల్సింది అరచేతుల్లో దొర్లించాక కూడా గడ్డలు కనబడినా పారేయాలి. అయితే బలం తగ్గిన మందు కంటికి బాగానే కనిపించవచ్చు. తిండి, మోతాదు మారకుండానే షుగర్ పెరుగుతుంటే ముందు కొత్త సీసా తెరిచి, డాక్టరుకు చెప్పండి. పాతదాంతోనే మోతాదు పెంచుకుంటూ పోతే, కొత్త సీసా తెరిచిన రోజు అదే మోతాదుకు షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది.