ఇంటి సర్వర్‌కు ఒకే వాకిలి

హనుమకొండలో ఒక ఇల్లు అనుకుందాం. ఇరవై ఏళ్ల కుటుంబ ఫొటోలను ఇంటి పెద్దాయన ఒక చిన్న రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఇమ్మిచ్ అనే ఉచిత ఫొటో సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నారు. ఇంట్లో ఏ ఫోన్‌లోనైనా `http://192.168.1.50:2283` అని కొడితే ఆల్బమ్ తెరుచుకుంటుంది. డాలస్‌లో ఉన్న కూతురికి మాత్రం తెరుచుకోదు. 192.168తో మొదలయ్యే చిరునామా ఆ ఇంటి గోడల మధ్యే చెల్లుతుంది. బయటి ప్రపంచానికి కనిపించేది రూటర్ ఒక్కటే.

అందరికీ ముందు తోచే ఉపాయం ఒకటుంది. రూటర్ సెట్టింగుల్లో 2283 పోర్టును నేరుగా ఆ కంప్యూటర్‌కు మళ్లించడం. పని అవుతుంది, కానీ అది చేయకూడని పని. కూతురు కొట్టే పాస్‌వర్డ్ ఏ మరుగూ లేకుండా డాలస్ నుంచి హనుమకొండ దాకా ప్రయాణిస్తుంది. దారిలో ఏ హోటల్ వైఫైలో ఎవరు చెవి ఒగ్గినా వినబడుతుంది. రేపు పక్కనే పుస్తకాల జాబితా కోసం ఇంకో సాఫ్ట్‌వేర్ పెడితే ఇంకో పోర్టు, ఆ తర్వాత మరొకటి. గోడకు ఇన్ని కంతలు పెట్టడం కన్నా ఒక వాకిలి పెట్టి, అక్కడ ఒక మనిషిని కూర్చోబెట్టడం మేలు. ఆ మనిషే రివర్స్ ప్రాక్సీ. వచ్చినవారు ఏ పేరు చెప్పి వచ్చారో చూసి, ఆ పేరుకు చెందిన సాఫ్ట్‌వేర్ దగ్గరికి మాటను చేరవేసి, జవాబు తెచ్చి ఇస్తుంది.

దీనికంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటి ఉంది. ఇది తెలియకే చాలామంది రెండు మూడు రోజులు రూటర్‌తో కుస్తీ పడతారు. పాత తరహా ఇంటర్నెట్ చిరునామాలు మొత్తం దాదాపు 430 కోట్లే. అవి చాలక ఎన్నో బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు ఒకే చిరునామాను అనేక ఇళ్లకు పంచుతున్నాయి. రూటర్ పేజీలో `WAN IP` అని కనిపించే అంకెలను, బ్రౌజర్‌లో `ifconfig.me` తెరిస్తే కనిపించే పాత తరహా చిరునామాతో పోల్చాలి. రెండూ ఒకటైతే దారి ఉన్నట్టే. రూటర్‌లో 100.64 నుంచి 100.127 లోపు మొదలయ్యే అంకెలుంటే, ఆ ఇల్లు కంపెనీ వారి ఇంకో పెద్ద రూటర్ వెనక ఉన్నట్టు. అప్పుడు మన రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా ఎవరూ రాలేరు. కంపెనీని అడిగి సొంత చిరునామా తీసుకోవాలి, లేదా టన్నెల్ సేవను ఆశ్రయించాలి.

హనుమకొండ ఇంటికి సొంత చిరునామా ఉందనుకుందాం. రూటర్‌లో చేయాల్సినవి మూడు పనులు. సర్వర్‌కు 192.168.1.50 మారకుండా స్థిరపరచాలి, 80, 443 పోర్టులను మాత్రమే దానికి మళ్లించాలి, రూటర్ పేజీని బయటి నుంచి తెరిచే రిమోట్ మేనేజ్‌మెంట్‌ను ఆపేయాలి. మూడోది మరిచిపోతే కొన్ని రూటర్లలో ఫొటోల బదులు రూటర్ లాగిన్ పేజీయే లోకానికి కనిపిస్తుంది. ఒక డొమైన్ పేరు కొని దాన్ని ఇంటి చిరునామాకు కట్టాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు ఆ చిరునామా మారే ఇళ్లలో, కొత్త అంకెలను డొమైన్‌కు వెంటనే తెలియజేసే డైనమిక్ డీఎన్ఎస్ ప్రోగ్రామ్ కూడా కావాలి.

ఇక వాకిట్లో కూర్చునే ప్రాక్సీ. ఇంటివారికి క్యాడీ అనేది సులువు. దాని సెట్టింగుల ఫైలు మొత్తం ఇంతే:

```
photos.example.com {
    reverse_proxy 127.0.0.1:2283
}
```

ఇందులో సర్టిఫికెట్ ఊసే లేదు. క్యాడీ దాన్ని తనంతట తానే తెచ్చుకుంటుంది. ఇచ్చేది సాధారణంగా లెట్స్ ఎన్‌క్రిప్ట్, 2015 డిసెంబరు నుంచి అందరికీ ఉచితంగా సర్టిఫికెట్లు ఇస్తున్న లాభాపేక్ష లేని సేవ. ఈ పేరు నాదే అని ఎవరైనా అడిగితే, అయితే ఈ రహస్య సంఖ్యను నీ సర్వర్‌లో పెట్టు, నేను వచ్చి చూస్తాను అంటుంది. తర్వాత 80 పోర్టు తలుపు తట్టి సరిచూస్తుంది. ఒక్క చోటు నుంచి కాక ప్రపంచంలో అనేక చోట్ల నుంచి వచ్చి చూస్తుంది కాబట్టి, భద్రత కోసమని విదేశీ చిరునామాలన్నిటినీ ఆపేసిన ఇంట్లో ఈ పరీక్ష తప్పుతుంది. మామూలు సర్టిఫికెట్ 90 రోజులు చెల్లుతుంది. గడువుకు నెల ముందే క్యాడీ కొత్తది తెస్తుంది, అందుకే 80 పోర్టును తర్వాత కూడా మూయకూడదు.

సర్టిఫికెట్ చేతికొచ్చిన కొద్దిసేపటికే సర్వర్ లాగ్‌లో వింత అతిథులు కనిపిస్తారు. `/.env` ఉందా, `/wp-login.php` ఉందా అని అడుగుతుంటారు. కూతురికి ఇంకా లింకు కూడా పంపలేదే, ఈ పేరు వీళ్లకెలా తెలిసింది? దానికి మూలం 2011లో ఉంది. ఆ ఏడు నెదర్లాండ్స్‌లోని డిజినోటార్ అనే సర్టిఫికెట్ సంస్థలోకి దొంగలు చొరబడి గూగుల్ పేరుతోనే నకిలీ సర్టిఫికెట్ పుట్టించారు. ఇలాంటివి చాటుగా జరగకుండా, ఇచ్చే ప్రతి సర్టిఫికెట్‌నూ బహిరంగ చిట్టాలో రాసే పద్ధతి తర్వాత వచ్చింది. ఆ చిట్టాను `crt.sh` లో ఎవరైనా వెతకవచ్చు. మంచి కోసం పెట్టిన ఆ చిట్టాను చెడ్డవాళ్లు కూడా రోజంతా చదువుతుంటారు. కాబట్టి ఎవరూ ఊహించని పేరు పెట్టుకున్నాం, దొరకదులే అన్న ధీమా ఇక్కడ చెల్లదు. పేరు బయటపడకూడదంటే `*.example.com` కు సర్టిఫికెట్ తీసుకోవాలి. దానికి తలుపు తట్టే పరీక్ష పనికిరాదు, డొమైన్ రికార్డులోనే రహస్య సంఖ్య పెట్టే పద్ధతి కావాలి.

ఇంకో కంత ఉంది, దాన్ని తరచూ ఎవరూ చూడరు. పాత చిరునామాలకు రూటర్ ఒక గోడలా అడ్డుండేది. కొత్త తరహా ఐపీవీ6లో ఇంట్లోని ప్రతి పరికరానికీ బయటి చిరునామా ఉంటుంది. రూటర్ ఫైర్‌వాల్ సరిగా లేకపోతే, బయటివాళ్లు వాకిలిని వదిలేసి నేరుగా 2283 దగ్గరికే రావచ్చు. ఇమ్మిచ్ నడిచే `docker-compose.yml` లో `2283:2283` అని ఉన్నచోట ఇలా మార్చాలి:

```
ports:
  - "127.0.0.1:2283:2283"
```

ఇక ఆ సాఫ్ట్‌వేర్ తన కంప్యూటర్‌లోంచి వచ్చే మాట తప్ప వినదు. అంటే క్యాడీ ద్వారా తప్ప దారి లేదు. లినక్స్‌లో `ufw` ఫైర్‌వాల్ పెట్టుకున్నాం కదా అనుకోవచ్చు. కానీ డాకర్ తెరిచే పోర్టులు దాన్ని దాటి వెళ్లిపోతాయి.

పరీక్షించేటప్పుడు ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద చూడాలి. ఇంటి వైఫైలో ఉండి సొంత డొమైన్ తెరిస్తే కొన్ని రూటర్లు తిప్పి పంపలేవు, అన్నీ సరిగా ఉన్నా తెరుచుకోదు. మొబైల్ డేటాలో కూడా పేజీ చాలాసేపు తిరిగి ఆగిపోతే తప్పు రూటర్ దగ్గరో, కంపెనీ దగ్గరో ఉంది. 502 అని వస్తే రూటర్, సర్టిఫికెట్, క్యాడీ బాగున్నట్టే, వెనకున్న ఇమ్మిచ్ పడిపోయింది. సర్టిఫికెట్ రాకపోతే సెట్టింగులు మారుస్తూ పదేపదే మళ్లీ నడపకూడదు. ఒక పేరుకు గంటలో ఐదుసార్లు పరీక్ష తప్పితే లెట్స్ ఎన్‌క్రిప్ట్ కాసేపు ఆగమంటుంది.

ప్రాక్సీ, సర్టిఫికెట్ కలిసి కాపాడేది దారిని. సరైన పేరుతో వచ్చి లాగిన్ పేజీలో పాస్‌వర్డ్‌లు ఊహిస్తూ కూర్చునేవాణ్ని క్యాడీ ఈ మూడు లైన్లతో ఆపదు, అతనికీ మర్యాదగా మరుగు కల్పించి లోపలికి చేరుస్తుంది. ఇమ్మిచ్‌లోనే లోపముంటే అది కూడా వాకిలి దాటి అందుతుంది. అందుకే పెద్దాయన చేయవలసినవి ఇంకో రెండున్నాయి. ఇమ్మిచ్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా దాన్ని ఎక్కించాలి. కూతురికి అడ్మిన్ పాస్‌వర్డ్ వాట్సాప్‌లో పంపకుండా, ఆమె పేరున వేరే మామూలు ఖాతా తెరిచి ఆ లింకు పంపాలి.