వొలాస్టన్ సీసాలో ఎండమావి

1798 ఆగస్టు ఒకటో తేదీ సాయంత్రం, ఇంగ్లండ్ ఆగ్నేయ తీరంలోని రామ్స్‌గేట్ అనే ఊళ్లో శామ్యూల్ విన్స్ టెలిస్కోపు పెట్టుకుని సముద్రం కేసి చూస్తున్నాడు. ఆయన కేంబ్రిడ్జిలో ఖగోళశాస్త్ర ఆచార్యుడు. దూరంగా ఒక ఓడ వస్తోంది. దాని తెరచాప కొయ్య చివర మాత్రమే నీటి అంచు మీద కనిపిస్తోంది, మిగతా ఓడంతా భూమి గుండ్రదనం చాటున ఉంది. కానీ ఆ కొయ్యకు సరిగ్గా పైన, ఆకాశంలో, అదే ఓడ తలకిందులుగా వేలాడుతోంది. దానికీ పైన అదే ఓడ మళ్లీ నిటారుగా ఉంది.

సరిగ్గా అదే రోజు ఈజిప్టు తీరంలో, అబూకీర్ దగ్గర, ఇంగ్లీషు నౌకాదళం నెపోలియన్ ఓడల మీద విరుచుకుపడింది. నెపోలియన్ సైన్యం అప్పటికే నేల మీద దిగి, అలెగ్జాండ్రియా నుంచి కైరో దాకా నడిచి వెళ్లిపోయింది. ఆ నడకలో దాహంతో అల్లాడిన సిపాయిలకు ఎదురుగా చెరువులు కనిపించాయి. దిగువ ఈజిప్టు అంతా బల్లపరుపు నేల, ఊళ్లు మాత్రం చిన్న దిబ్బల మీద ఉంటాయి. ఎండెక్కాక ప్రతి ఊరూ నీళ్ల మధ్య ద్వీపంలా కనిపించేది, ఊరి నీడ కూడా ఆ నీళ్లలో తలకిందులుగా పడేది. దగ్గరికి పోతున్న కొద్దీ నీళ్లు వెనక్కి జరిగి, ఆ ఊరి చుట్టూ మాయమై, ఇంకా అవతలి ఊరి చుట్టూ చేరేవి. సైన్యంతో వచ్చిన శాస్త్రవేత్తల్లో గాస్పార్ మోంజ్ అనే గణితజ్ఞుడు ఉన్నాడు. ఆయన దీనికి కారణం ఆలోచించి, ఆ ఏడాదే కైరోలో కొత్తగా పెట్టిన ఈజిప్టు ఇన్‌స్టిట్యూట్ ముందు పెట్టాడు. ఎండకు కాలిన నేల తనను ఆనుకున్న పలుచని గాలి పొరను వేడి చేస్తుంది. ఆ పొర మీదికి బాగా ఏటవాలుగా వచ్చిన వెలుగు లోపలికి పోలేక అద్దం మీద పడ్డట్టు పైకి తిరుగుతుంది. మనం నీళ్లనుకునేది నిజానికి ఆకాశపు వెలుగే.

ఒకేసారి యుద్ధంలో ఉన్న రెండు దేశాల మనుషులు రెండు వింతలు చూశారు. ఒకచోట తలకిందుల బొమ్మ వస్తువుకు కింద ఉంది, ఇంకోచోట వస్తువుకు పైన ఉంది. ఈ రెంటినీ రెండేళ్ల తర్వాత ఒక చిన్న గాజుసీసా కలిపింది. ఆ సీసా దగ్గరికి వెళ్లేముందు మన రోడ్డు మీద కాసేపు ఆగాలి.

చల్లని గాలి చిక్కగా ఉంటుంది, వేడి గాలి పలుచగా ఉంటుంది. చిక్కని గాలిలో వెలుగు కాస్త నెమ్మదిగా పోతుంది. ఆ తేడా ఎంత తక్కువో చూడండి. 15 డిగ్రీల గాలిలో వెలుగు శూన్యంలో కంటే లక్షకు సుమారు 28 వంతులు నెమ్మది. 40 డిగ్రీల గాలిలో అది 25.5 వంతులు, 60 డిగ్రీల గాలిలో 24 వంతులు. మే నెల మధ్యాహ్నం ఒంగోలు దాటిన హైవే మీద మన కంటి ఎత్తులో గాలి 40 డిగ్రీలు ఉండి, తారును ఆనుకున్న గాలి 60 డిగ్రీలు ఉందనుకుంటే, రెంటి మధ్య తేడా లక్షకు వంతున్నర మాత్రమే.

ఇంత చిన్న తేడా వెలుగును ఎలా వంచుతుంది? ఎడ్లబండి ఒక చక్రం బురదలో, ఇంకో చక్రం గట్టినేల మీద నడిస్తే బండి బురద వైపు తిరుగుతుంది. అక్కడి చక్రం వెనకబడుతుంది కాబట్టి. వెలుగు అలకూ అంతే. కింది అంచు వేడిగాలిలో ముందుకు పోతుంది, పై అంచు చల్లగాలిలో వెనకబడుతుంది, దాంతో అల మొత్తం పైకి మళ్లుతుంది. ఈ వ్యాసంలో గుర్తుంచుకోవలసిన సూత్రం ఇదొక్కటే: వెలుగు ఎప్పుడూ చల్లని గాలి వైపుకే వంగుతుంది.

పైన చెప్పిన 20 డిగ్రీల తేడాతో లెక్క వేస్తే, రోడ్డుతో సుమారు మూడో వంతు డిగ్రీ కోణం, లేదా అంతకంటే తక్కువ కోణం చేస్తూ వచ్చే వెలుగు మాత్రమే నేలను తాకకుండా పైకి తిరగగలదు. అంతకంటే నిటారుగా దిగే కిరణం వంగుతుంది కానీ, తిరిగేలోపే తారును గుద్దుకుంటుంది. చందమామ మన కంటికి అర డిగ్రీ వెడల్పు కనిపిస్తాడు, అంటే ఎండమావి జరిగే కోణం అంతకంటే చిన్నది. అందుకే అది ఎప్పుడూ దూరంలో సన్నని పట్టీలాగే కనిపిస్తుంది.

ఎంత దూరంలో అన్నది కూడా ఇక్కడే తేలిపోతుంది. కారులో కూర్చున్న మనిషి కన్ను రోడ్డుకు 1.2 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. ఆ కోణంలో చూపు నేలను చేరాలంటే సుమారు 215 మీటర్లు పోవాలి. కాబట్టి నీళ్లు 215 మీటర్ల అవతలే మొదలవుతాయి, ఇవతల మామూలు రోడ్డే. కారు ముందుకు పోతే ఆ కోణం మనతోనే వస్తుంది, నీళ్లూ అంతే దూరం జరుగుతాయి. తేడా 10 డిగ్రీలే ఉంటే నీళ్ల అంచు 300 మీటర్ల దాకా పోతుంది. 30 డిగ్రీలుంటే 180 మీటర్లకు దగ్గరవుతుంది. అంటే కంటి ఎత్తు, నీళ్ల అంచు దూరం తెలిస్తే రోడ్డు మీద గాలి ఎంత వేడెక్కిందో ఉజ్జాయింపుగా చెప్పొచ్చు. దీన్ని పరీక్షించడానికి పరికరాలేమీ అక్కర్లేదు. బండ్లు రాని తిన్నని దారిలో నిలబడి నీళ్ల అంచు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, గొంతుకూర్చుని మళ్లీ చూడండి. కంటి ఎత్తు సగమైతే నీళ్లు సగం దూరానికి వచ్చేస్తాయి. నిజంగా తడిసిన రోడ్డయితే తడి అంచు ఉన్నచోటే ఉంటుంది.

మోంజ్ చెప్పినదాంట్లో ఒక లోపముంది. గాలిలో అద్దంలాంటి గీత ఎక్కడా లేదు. తారు నుంచి పైకి పోతున్నకొద్దీ వేడి క్రమంగా తగ్గుతుంది, నేల దగ్గరి కొద్ది సెంటీమీటర్లలో చాలా వేగంగా, ఆ పైన నెమ్మదిగా. కిరణం ఒక్కచోట తట్టుకుని వెనక్కి రాదు, ఆ దారి పొడవునా కొద్దికొద్దిగా వంగుతూ వస్తుంది. పైగా వేడెక్కిన గాలి పైకి లేస్తూ, దాని చోటులోకి చల్లగాలి దిగుతూ ఉంటుంది కాబట్టి ఆ పొర ఒక్క క్షణం కూడా నిలకడగా ఉండదు. నీళ్లు తళతళలాడుతూ అలలాడినట్టు ఉండేది అందుకే.

ఇప్పుడు విన్స్ ఓడకు వద్దాం. వేసవిలో నేల మీది నుంచి వెచ్చని గాలి చల్లని సముద్రం మీదికి వస్తే నీటిని ఆనుకున్న గాలి చల్లబడుతుంది, పైగాలి వెచ్చగానే ఉంటుంది. రోడ్డు మీది వరస ఇక్కడ తిరగబడింది. చల్లదనం కింద ఉంది కాబట్టి వెలుగు కిందికి వంగుతుంది, అంటే భూమి వంపును కొంత అనుసరిస్తుంది. ఎత్తు వంద మీటర్లు పెరిగేసరికి వేడి 11 నుంచి 13 డిగ్రీలు పెరిగితే చాలు, నేలకు సమాంతరంగా బయల్దేరిన కిరణం భూమితో పాటే వంగిపోతుంది, దాచి ఉంచాల్సిన దిగంతం దాచదు. 1797 జులైలో ఇంగ్లండ్‌లోని హేస్టింగ్స్ తీరంలో జనం గుమిగూడి, మామూలుగా కనిపించని ఫ్రాన్స్ కొండల్ని మామూలు కళ్లతో చూసింది ఇలాంటి రోజునే. నీటిపైన గాలిపొర కదలకుండా పడి ఉంటుంది, ఎందుకంటే బరువైన చల్లగాలి కిందే ఉంది. కాబట్టి ఈ బొమ్మలు రోడ్డు ఎండమావిలా వణకవు, గంటల తరబడి స్పష్టంగా నిలబడతాయి. విన్స్ తీరిగ్గా చూసి బొమ్మ గీసుకోగలిగాడంటే అదే కారణం.

అయితే ఒకే ఓడ అన్ని బొమ్మలెందుకైంది? దీన్ని అందరికీ కనిపించేలా చేసినవాడు విలియం హైడ్ వొలాస్టన్. చదివింది వైద్యం. తర్వాతి కాలంలో పల్లాడియం, రోడియం అనే లోహాల్ని కనిపెట్టిందీ ఆయనే. 1800లో రాయల్ సొసైటీ పత్రికలో ఆయన వివరించిన ప్రయోగం ఇది. నలుచదరపు గాజుసీసాలో కొంచెం తేటపాకం పోశాడు. దానిమీద నీళ్లను కదపకుండా మెల్లగా పోశాడు. కాసేపటికి పాకమూ నీళ్లూ కలిసే చోట తీపి క్రమంగా మారే పొర ఒకటి తయారైంది. సీసా వెనక కొంత దూరంలో ఒక మాట రాసిన అట్టముక్క పెట్టి చూస్తే, కిందనున్న పాకంలోంచి ఆ మాట నిటారుగా, నడిమి పొరలోంచి తలకిందులుగా, దానిపైన మళ్లీ నిటారుగా కనిపించింది. విన్స్ చూసిన వరస ఇదే.

దాన్ని కొంచెం నిదానంగా చూస్తే కారణం అర్థమవుతుంది. పాకం చిక్కన, నీరు పలుచన, కాబట్టి వెలుగు కిందికి, పాకం వైపుకు వంగుతుంది. కానీ ఎంత వంగుతుందన్నది ఎత్తును బట్టి మారుతుంది. నడిమి పొర అడుగున కొద్దిగా, మధ్యలో బాగా, పై అంచున మళ్లీ కొద్దిగా. మీ చూపును అడుగు నుంచి మెల్లగా పైకి తీసుకుపోండి. పొర కింది సగంలో చూపు ఎత్తు పెరిగేకొద్దీ వంపు ఇంకా వేగంగా పెరుగుతుంది, కాబట్టి చూపు పైకి లేస్తున్నా అట్టమీద అది తగిలే చోటు కిందికి జారుతుంది. మీరు పైకి చూస్తుంటే వస్తువు కింది భాగాలు కనిపిస్తాయి, అంటే బొమ్మ తలకిందులు. మధ్య దాటాక వంపు తగ్గుతూ వస్తుంది, చూపు తగిలే చోటు మళ్లీ పైకి ఎక్కుతుంది, బొమ్మ నిటారవుతుంది.

అక్కడితో ఆగకుండా వొలాస్టన్ ఆ నీళ్ల మీద సారాయి స్పిరిట్ కూడా పోశాడు. స్పిరిట్ నీటికంటే తేలిక, అయినా వెలుగును నీటికంటే ఎక్కువ వంచుతుంది. అంటే ఈ కలయికలో వెలుగును ఎక్కువ వంచేది పైన ఉంది, ఈజిప్టు ఇసుక మీద ఉన్నట్టే. ఒకే సీసాలో కింది కలయిక సముద్రం, పై కలయిక ఎడారి. తర్వాత ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీ పక్కగా పది పన్నెండు అడుగుల దూరంలోని వస్తువును చూసి, గాలిలో కూడా జరిగేది ఇదేనని చూపించాడు.

ఎండమావిని మనసు కల్పించే భ్రమ అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది తప్పు. కెమెరా కూడా దాన్ని పడుతుంది, వెలుగు నిజంగానే ఆ దారిన వస్తుంది. భ్రమ ఉన్నదల్లా ఆ వెలుగు తిన్నగా వచ్చిందని మనం అనుకోవడంలో. దీనికి ఎదురుగా ఇంకో తప్పు కూడా ప్రచారంలో ఉంది. ఊరి మీద ఆకాశంలో మేడలు తేలుతున్నట్టు చూపించి, ఇది ఎండమావి అని చెప్పే వీడియోలు ఫోన్లలో తిరుగుతుంటాయి. గాలి వేడి తేడా వెలుగును మామూలుగా ఒక డిగ్రీ లోపే వంచుతుంది, ఆ వింతంతా దిగంతాన్ని అంటుకునే జరగాలి. తలెత్తి చూడాల్సినంత ఎత్తున నగరం కనిపిస్తే అది ఎండమావి కాదు.

వొలాస్టన్ సీసాను మీ ఇంట్లోనే చేసుకోవచ్చు. పక్కలు చదునుగా ఉన్న గాజు పాత్ర తీసుకోండి. చిక్కగా, తేటగా పంచదార పాకం కాచి, పూర్తిగా చల్లారనిచ్చి సగానికి పోయండి. పైన ఒక చెంచా అడ్డం పెట్టి నీళ్లు దాని మీదుగా జారేలా పోయండి. వెనక పెద్ద అక్షరం రాసిన అట్ట ఉంచండి. అట్టను పాత్రకు ఆనించి పెడితే అక్షరం సాగినట్టే కనిపిస్తుంది, కొంచెం కొంచెంగా వెనక్కి జరిపితే తలకిందుల అక్షరం విడివడి వస్తుంది. వెంటనే రాకపోతే పారబొయ్యకండి. పొర బాగా తయారవడానికి గంటలు పడుతుంది, పాత్రను కదపకుండా ఉంచి మర్నాడు పొద్దున మళ్లీ చూడండి.