ఇరవయ్యొక్క కంప్యూటర్లకు ఒక ఆర్‌ఎఫ్‌పీ

కొనుగోళ్ల నిర్వహణ కోర్సుల్లో తరచూ ఇచ్చే అసైన్‌మెంట్ ఒకటుంది. ఒక స్కూలుకు కంప్యూటర్ ల్యాబ్ కావాలి, సరఫరాదారులను ప్రతిపాదనలు పంపమని కోరుతూ ఒక పత్రం తయారు చెయ్యాలి. ఆ పత్రాన్నే రిక్వెస్ట్ ఫర్ ప్రపోజల్ అంటారు, వాడుకలో ఆర్‌ఎఫ్‌పీ. చాలామంది విద్యార్థులు మొదటి పేజీలోనే ప్రాసెసర్, ర్యామ్, మానిటర్ సైజు అంటూ మొదలుపెడతారు. ఆ వివరాలు ఏ డీలరు కొటేషన్‌లోనైనా దొరుకుతాయి. మంచి ఆర్‌ఎఫ్‌పీకి మొదట చూడాల్సింది స్కూలు టైమ్‌టేబుల్.

గోదావరి జిల్లాల్లో ఒక ట్రస్టు నడిపే హైస్కూలు ఉందనుకుందాం. ఆరు నుంచి పది వరకు తరగతికి రెండు సెక్షన్లు, సెక్షన్‌కు 40 మంది. రోజుకు ఎనిమిది పీరియడ్ల చొప్పున వారానికి 48 పీరియడ్లు. ప్రతి సెక్షన్‌కు వారానికి రెండు కంప్యూటర్ పీరియడ్లు కావాలంటే ల్యాబ్ 20 పీరియడ్లు మాత్రమే నడుస్తుంది. 20 కంప్యూటర్లు పెడితే ఒక్కోదాని ముందు ఇద్దరు కూర్చోవాలి. అలా కూర్చున్నప్పుడు ఒకరు మౌస్ పట్టుకుంటారు, రెండోవారు చూస్తారు. 40 కంప్యూటర్లు కొంటే ఆ బాధ ఉండదు కానీ ఖర్చు రెట్టింపు. మూడో దారి కూడా ఉంది. సెక్షన్‌ను రెండు సగాలు చేసి, ఒక సగం ల్యాబ్‌లో ఉన్నప్పుడు మిగతా సగాన్ని లైబ్రరీకో డ్రాయింగ్‌కో పంపితే ఇరవై కంప్యూటర్లతోనే పిల్లలందరికీ తలా ఒకటి దొరుకుతుంది. ల్యాబ్ 48లో 40 పీరియడ్లు నడుస్తుంది. కంప్యూటర్ల మీద మిగిలిన డబ్బులో కొంత ఇన్‌స్ట్రక్టర్ జీతానికి పోతుంది, అది సరఫరాదారు చూసుకునే ఖర్చు కాదు. ఈ లెక్క ఆర్‌ఎఫ్‌పీ మొదటి పేజీలో ఉంటే, టీచరుది కూడా కలిపి 21 కంప్యూటర్లు ఎందుకు అడుగుతున్నామో సరఫరాదారుకు అర్థమవుతుంది. ఏడాదికి సుమారు వెయ్యి గంటలు నడుస్తాయన్న సంగతి కూడా తేలుతుంది. ఆ వెయ్యి గంటలతో తర్వాత పని ఉంది.

సాంకేతిక వివరాలు రాసేటప్పుడు రెండు వైపులా గుంతలున్నాయి. ఫలానా కంపెనీ, ఫలానా మోడల్ అని రాస్తే పోటీ అక్కడే ముగుస్తుంది. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లకు వర్తించే జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017 కూడా వివరాలు అవసరానికి సరిపడా ఉండాలనీ, అనవసర హంగులతో ఖర్చు పెంచకూడదనీ చెబుతాయి. ట్రస్టు స్కూలును ఆ నియమాలు కట్టడి చెయ్యవు కానీ, కోర్సులో కొలబద్దగా అవే పనికొస్తాయి. అలాగని ‘మంచి నాణ్యమైన కంప్యూటర్లు’ అని వదిలేస్తే గోదాములో మిగిలిపోయిన పాత సరుకు వచ్చి పడుతుంది. ఈ రెంటికీ మధ్య ఒక పరీక్ష ఉంది. రాసిన ప్రతి వాక్యాన్నీ సామాను దిగిన రోజు ల్యాబ్‌లో నిలబడి సరిచూడగలమా అని అడగాలి. సరిచూడలేని వాక్యాన్ని తిరగరాయాలి.

యూపీఎస్‌నే తీసుకోండి. విద్యార్థుల పత్రాల్లో ఎక్కువగా కనిపించే వాక్యం ‘5 కేవీఏ యూపీఎస్, అరగంట బ్యాకప్’. చూడ్డానికి పూర్తిగానే ఉంది. కానీ ఎంత లోడు మీద అరగంట? రెండు కంప్యూటర్లు మాత్రమే ఆన్ చేసి ఉంటే చిన్న బ్యాటరీతో కూడా అరగంట వస్తుంది. మన ల్యాబ్‌లో ఒక్కో డెస్క్‌టాప్ మానిటర్‌తో కలిపి 100 వాట్లు తీసుకుంటుందనుకుంటే 21 కలిసి 2,100 వాట్లు. ప్రొజెక్టర్, నెట్‌వర్క్ స్విచ్ కలిపితే 2,400 దాకా వెళ్తుంది. పవర్ ఫ్యాక్టర్ 0.8 ఉన్న 3 కేవీఏ యూపీఎస్ ఇవ్వగలిగేది సరిగ్గా అంతే, ఊపిరి తీసుకునే చోటు కూడా ఉండదు. అందుకే 5 కేవీఏ. ఇక 2,400 వాట్ల లోడుకు అరగంటలో 1,200 వాట్-గంటల కరెంటు కావాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి కరెంటును త్వరగా లాగేస్తే దాని మీద రాసి ఉన్న సామర్థ్యం పూర్తిగా రాదు. యూపీఎస్ లోపల కొంత నష్టపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ బ్యాటరీ కూడా బలహీనపడుతుంది. కాబట్టి బ్యాంకు సామర్థ్యం దాదాపు రెట్టింపు అడగడం సబబు. సరైన వాక్యం ఇలా ఉంటుంది: 21 కంప్యూటర్లు, ప్రొజెక్టర్ నడుస్తుండగా మెయిన్ స్విచ్ ఆపితే 30 నిమిషాలు ఒక్కటీ ఆగకూడదు, సామాను అప్పగించే రోజు ఈ పరీక్ష స్కూలు ఎదుటే జరుగుతుంది. బ్యాటరీ సంఖ్య, ఆంపియర్ అవర్ సామర్థ్యం సరఫరాదారు తన ప్రతిపాదనలో రాయాలి. ఇలా రాస్తే ఎవరూ చిన్న బ్యాటరీ కోట్ చెయ్యరు.

వారంటీ దగ్గర ఇంకో చిక్కు. డెస్క్‌టాప్ వారంటీ చాలాసార్లు తయారీ కంపెనీ డీలరుకు సరుకు పంపిన రోజు నుంచే లెక్కలోకి వస్తుంది. పెట్టె డీలరు దగ్గర నాలుగు నెలలు ఉంటే ఆ నాలుగు నెలలూ స్కూలు నష్టపోతుంది. వారంటీ అప్పగింత పరీక్ష నెగ్గిన రోజు నుంచి మొదలవ్వాలనీ, ప్రతి సీరియల్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో అదే తేదీతో కనిపించాలనీ రాయాలి. చివరి విడత డబ్బు ఇచ్చేముందు 21 నంబర్లూ కొట్టి చూసుకోవచ్చు.

ఇప్పుడు అసైన్‌మెంట్‌లో ఎక్కువ మార్కులు పోయే భాగం, ఎంపిక విధానం. కన్సల్టెన్సీ ఆర్‌ఎఫ్‌పీల నమూనాలు తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి విద్యార్థులు ‘సాంకేతికానికి 70, ధరకు 30’ అన్న పద్ధతిని ఎత్తి ఇక్కడ పెడతారు. సలహాదారుడి బుర్రను కొనేటప్పుడు అది సరే. కంప్యూటర్లు వస్తువులు. పనులకు, కన్సల్టెన్సీ కాని సేవలకు నాణ్యతతో ముడిపెట్టి మార్కులివ్వడానికి కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరు ఆదేశాల్లో దారి తెరిచింది కానీ, ధరేతర అంశాలకు 30 శాతం దాటకూడదంది. వస్తువుల కొనుగోలులో సాంకేతిక అర్హతను ఉందా లేదా అని తేల్చి, నెగ్గినవాళ్లలో తక్కువ ధర చూడటమే సూటి దారి. అసలు ప్రశ్న ఏ ధర చూడాలన్నదే.

రెండు ప్రతిపాదనలు వచ్చాయనుకుందాం. మొదటివారు 11 లక్షలు అడిగారు. వారంటీ ఏడాది, తర్వాత నాలుగేళ్లు వార్షిక నిర్వహణ కాంట్రాక్టుకు ధరలో 8 శాతం, అంటే ఏటా 88,000. నాలుగో ఏట బ్యాటరీలు మార్చడానికి 70,000. రెండోవారు 13.2 లక్షలు అడిగారు. బ్యాటరీతో సహా ఐదేళ్లు స్కూలుకే వచ్చి చేసే వారంటీ అందులోనే ఉంది. పైగా వాళ్లవి చిన్న డెస్క్‌టాప్‌లు, మానిటర్‌తో కలిపి ఒక్కోటి 50 వాట్లే. పెట్టె ధర చూస్తే మొదటివారిదే ఎల్-1. ఐదేళ్లు లెక్కేస్తే మొదటివారికి నిర్వహణ 3.52 లక్షలు, బ్యాటరీలు 0.7 లక్షలు కలుస్తాయి. ఏడాదికి వెయ్యి గంటల చొప్పున కంప్యూటర్లకు 2,100 యూనిట్లు, యూనిట్ 8 రూపాయలనుకుంటే ఐదేళ్లకు 84,000. మొత్తం 16.06 లక్షలు. రెండోవారికి కరెంటు 42,000 కలిపితే 13.62 లక్షలు. తేడా 2.44 లక్షలు, అదీ ఎక్కువ ధర చెప్పినవారి పక్షాన.

అయితే నాలుగేళ్ల తర్వాత కట్టే రూపాయి, ఇవాళ కట్టే రూపాయి ఒకటి కావు. చెల్లింపులు సంవత్సరాంతంలో ఉంటాయనుకుని, ఏటా 10 శాతం చొప్పున తగ్గించి ఇవాళ్టి విలువకు తెస్తే మొదటిది 14.65 లక్షలు, రెండోది 13.52 లక్షలు. తేడా 1.13 లక్షలకు తగ్గింది, అంటే సగానికన్నా తక్కువ. రెండోవారే గెలుస్తారు కానీ మొదట అనుకున్నంత గొప్ప తేడాతో కాదు. ఈ రెండో లెక్క చెయ్యకుండా మొదటిదాన్నే చూపించే పత్రాలకు నేను మార్కులు తగ్గిస్తాను. దాచిన ఖర్చును బయటపెట్టామన్న సంబరంలో కాలాన్ని మరిచిపోవడం కూడా తప్పే కదా.

అన్నిటికన్నా ముఖ్యమైన షరతు ఒకటుంది. గంటలు, యూనిట్ రేటు, శాతం, ఐదేళ్ల గడువు అన్నీ ఆర్‌ఎఫ్‌పీలోనే అచ్చై ఉండాలి. ధరల కవర్లు విప్పాక ‘మేము కరెంటు కూడా లెక్కేస్తాం’ అంటే అది మంచి ఆలోచనే అయినా చెల్లదు. మొదటి సరఫరాదారు అభ్యంతరం చెబుతాడు, న్యాయం కూడా అతని వైపే ఉంటుంది. ముందే చెప్పి ఉంటే అతను కూడా చిన్న డెస్క్‌టాప్‌లే కోట్ చేసేవాడేమో.

ఐదేళ్ల నిర్వహణ కొన్నాక దాన్ని కొలవాలి. ‘95 శాతం అప్‌టైమ్’ అని రాసెయ్యడం అలవాటు. నెలకు 24 పనిదినాలు, 21 కంప్యూటర్లు, అంటే 504 కంప్యూటర్-రోజులు. అందులో 5 శాతం 25. ఒక కంప్యూటర్ నెలంతా చచ్చిపడి ఉన్నా పోయేది 24 రోజులే. అంటే ఐదేళ్లూ ఒక సీటు ఖాళీగా ఉన్నా సరఫరాదారు నిబంధన పాటించినట్టే, జరిమానా పడదు. మన ల్యాబ్‌లో ప్రతి సగానికీ 20 మంది పిల్లలున్నారు, 20 సీట్లే ఉన్నాయి. సగటు మీద ఆధారపడటానికి వీల్లేదు. ఏ ఒక్క కంప్యూటరూ వరసగా మూడు పనిదినాలకు మించి ఆగకూడదు, ఆగితే ఆ సీటుకు రోజుకు ఇంత అని విడిగా రాయాలి. ఫిర్యాదు రిజిస్టర్‌లో నమోదైన గంట నుంచి లెక్క మొదలవుతుందని కూడా రాయాలి. లేకపోతే టెక్నీషియన్ వచ్చిన రోజే ఫిర్యాదు తేదీ అయిపోతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతంలో వేల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ల్యాబులు పెట్టినప్పుడు బూట్ పద్ధతి వాడారు. ప్రైవేటు ఏజెన్సీయే ల్యాబ్ పెట్టి, బోధకులను కూడా నియమించి, ఐదేళ్లు నడిపి, ఆ తర్వాత స్కూలుకు అప్పగించాలి. అలాంటి ఏర్పాటులో ఒప్పందం ముగిసిన మర్నాడు స్కూలు చేతికి కంప్యూటర్లు వస్తాయి, వాటిని నడిపే మనిషి రాడు. అందుకని నమూనా పత్రంలో చివరి ఏడాదికి ఒక నిబంధన పెట్టమంటాను. కనీసం ఇద్దరు టీచర్లకు శిక్షణ, అడ్మిన్ పాస్‌వర్డ్‌లు, నెట్‌వర్క్ పటం, ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ ఎక్కించే విధానం రాతపూర్వకంగా ఇవ్వాలి. అది ఇచ్చేదాకా పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీగా పెట్టిన బ్యాంకు గ్యారంటీ వెనక్కి వెళ్లకూడదు. ఈ గ్యారంటీ ఏడాది వారంటీతోనే ముగిసిపోకుండా ఐదేళ్ల గడువుకు మరో రెండు నెలలు దాటి చెల్లేలా ఉండాలి. పాడైన బ్యాటరీలు, పాత మానిటర్లు పాతసామాన్ల దుకాణానికి కాకుండా రిజిస్టరైన రీసైక్లర్‌కే చేరినట్టు రసీదు కూడా అడగాలి.

మిగిలింది ధరల పట్టిక. దాన్ని సరఫరాదారుల ఇష్టానికి వదిలితే ఒకరు జీఎస్టీ కలిపి, ఒకరు విడిగా రాస్తారు, పోల్చడానికి వీలుండదు. స్కూలే గడులు గీసి ఇవ్వాలి. ప్రతి వస్తువుకూ ధర, పన్ను, వారంటీ తర్వాత నాలుగేళ్ల నిర్వహణ విడివిడిగా, ఒక్కో కంప్యూటర్‌కు వాట్లు మరో గడిలో ఉండాలి. ఆ వాట్లను అప్పగింత రోజు మీటరు పెట్టి చూస్తామని, చెప్పినదానికన్నా ఎక్కువ వస్తే తేడా కరెంటు ఖర్చును బిల్లులో కోస్తామని పట్టిక కిందే రాయాలి. ఖాళీగా వదిలిన ప్రతి గడినీ ఉచితంగా ఇస్తున్నట్టే భావిస్తాం అన్న వాక్యం కూడా అక్కడే ఉండాలి.