నూరు పూలలో గీత గీసేవి మూడే

రోనాల్డ్ ఫిషర్ 1936లో ప్రచురించిన ఐరిస్ పూల కొలతలు యంత్రాలకు వర్గీకరణ నేర్పేవారికి ఇప్పటికీ తొలి పాఠం. వాటిలో సెటోసా జాతివి 50, వెర్సికలర్ జాతివి 50 తీసుకుని, పూరేకు పొడవు ఒక్కటే చూద్దాం. సెటోసాలో అతి పొడవైన రేకు 1.9 సెంటీమీటర్లు. వెర్సికలర్‌లో అతి పొట్టి రేకు 3.0.

ఈ రెండు జాతులను వేరుచేసే గీత ఎక్కడ గీయాలి? సపోర్ట్ వెక్టర్ మెషీన్ ఇరువైపులా సమానంగా, వీలైనంత ఎక్కువ ఖాళీ మిగిలేచోట గీస్తుంది. అంటే 2.45 దగ్గర. అటూ ఇటూ 0.55 ఖాళీ మిగులుతుంది.

లెక్కలో ఈ పని ఇలా సాగుతుంది. `w` అనే వాలు ఎంత తగ్గితే ఖాళీ అంత పెరుగుతుంది. ఖాళీ విలువ `1/w`. కాబట్టి `w`ను తగ్గించుకుంటూ పోవాలి. కానీ ప్రతి పువ్వూ ఒక షరతు పెడుతుంది: నేను నా వైపే ఉండాలి, ఖాళీలోకి రాకూడదు. లాగ్రాంజ్ పద్ధతిలో ఒక్కో షరతుకు సున్నాకు తగ్గని ఒక గుణకం, `α`, ఇస్తారు. ఆ షరతు గీతను ఎంత బలంగా నెడుతోందో అది చెబుతుంది. గోడకు ఆనని మనిషి బరువు గోడ మీద పడదు కదా! అలాగే ఖాళీ అంచుకు దూరంగా ఉన్న పువ్వు గుణకం సున్నా.

ఇప్పుడు సమస్యను `w` బదులు గుణకాలతోనే తిరగరాస్తే వచ్చేదే డ్యూయల్ రూపం. అందులో రెండు జాతుల గుణకాల మొత్తాలు సమానం కావాలి. మన పూలకు ఆ మొత్తం ఒక్కోవైపు సుమారు 1.65. దాన్ని 3.0, 1.9ల తేడాతో, అంటే 1.1తో, గుణిస్తే `w` సుమారు 1.82 వస్తుంది, `1/w` సరిగ్గా ఆ 0.55 ఖాళీయే. 3.0 పొడవున్న పువ్వు ఒక్కటే, 1.9వి రెండు. ఆ మూడే సపోర్ట్ వెక్టర్లు. మిగతా 97 పూలను తీసేసినా గీత కదలదు. 3.0 పువ్వును తీస్తే మాత్రం, తర్వాతిది 3.3 కాబట్టి, గీత 2.6కు జరుగుతుంది. అయితే ఆ మూడూ ఏవో ముందుగా తెలియదు. లెక్క ముగిశాకే బయటపడతాయి.

డ్యూయల్‌లో పూల కొలతలు జంటల లబ్ధాలుగానే కనిపిస్తాయి. ఆ లబ్ధం స్థానంలో కెర్నల్ అనే ప్రమేయం పెడితే వంకర గీతలూ సాధ్యమని 1992లో బోసర్, గియోన్, వాప్నిక్ చూపించారు.

జాతులు కలగలిసిపోతే కథ మారుతుంది. వెర్సికలర్ రేకు 5.1 దాకా ఉంటే, వర్జినికా రేకు 4.5 నుంచే మొదలవుతుంది. ఇక్కడ పొడవొక్కదానితో తప్పులేని గీత లేదు. కోర్టెస్, వాప్నిక్ 1995లో ఇచ్చిన ఉపాయం గుణకానికి `C` అనే గరిష్ఠ పరిమితి పెట్టడం. అప్పుడు ఖాళీలో పడినవీ, తప్పు వైపున్నవీ అన్నీ సపోర్ట్ వెక్టర్లే, గుణకం `C`కి చేరుకుంటుంది. అందుకే శిక్షణ ముగిశాక వాటి సంఖ్య చూడాలి. దాదాపు ప్రతి నమూనా సపోర్ట్ వెక్టరైతే, తరగతులు బాగా కలిసిపోయి ఉండవచ్చు, లేదా కెర్నల్ మరీ సున్నితమై యంత్రం నమూనాలను బట్టీపట్టి ఉండవచ్చు.