ఊగే ఫ్యానుకు రూపాయి బిళ్ళ వైద్యం

మీ ఇంట్లో ఫ్యాను తిరుగుతున్నప్పుడు ఎప్పుడైనా పరీక్షగా చూశారా? కొన్ని ఫ్యానులు ఒకటో నంబరులో బుద్ధిగానే తిరుగుతాయి. అయిదో నంబరు పెట్టగానే పూనకం వచ్చినట్టు ఊగిపోతాయి. పోయిన వేసవిలో మా ఇంటి ఫ్యాను అలాగే ఊగింది. మా అమ్మమ్మ భయపడి తన మంచాన్ని గోడపక్కకు లాగించింది.

ఫ్యాను ఎందుకు ఊగుతుందో తెలుసా? ఒక దారానికి రబ్బరుముక్క కట్టి గిరగిరా తిప్పి చూడండి. అది మీ వేలిని లాగుతుంది. వేగం పెంచిన కొద్దీ ఆ లాగుడు ఎక్కువవుతుంది. వేగం రెట్టింపయితే లాగుడు నాలుగింతలవుతుంది! ఫ్యాను రెక్కలు మూడూ ఇలాగే మూడు వైపులకూ లాగుతాయి. మూడూ సమానంగా లాగితే ఫ్యాను నిలకడగా ఉంటుంది. ఒకటి కాస్త బరువెక్కినా, కిందికి వంగినా పేచీ వస్తుంది.

ఆ పేచీ ఎంతటిదో చూడండి. రూపాయి బిళ్ళ బరువు సుమారు 4 గ్రాములు. ఇరుసుకు 60 సెంటీమీటర్ల దూరంలో, రెక్క కొసన దాన్ని అంటించి, ఫ్యానును నిమిషానికి 350 చుట్లు తిప్పితే, అది ఇంచుమించు 300 గ్రాముల బరువు లాగినంత గట్టిగా లాగుతుంది. ఫ్యానును పాడుచేసే ఈ రూపాయి బిళ్ళే దాన్ని బాగుచేయగలదు కూడా!

అయితే ముందు ఒక మాట. ఫ్యాను స్విచ్చి ఒక్కటే ఆపితే చాలదు, ఇంటి మెయిన్ స్విచ్చి ఆపాలి. స్విచ్చికి తీగలు తారుమారుగా కలిపి ఉంటే, అది ఆపినా ఫ్యానులో కరెంటు ఉంటుంది. కదలని బల్ల ఎక్కవలసింది పెద్దవాళ్ళే. కింద నిలబడి కొలతలు రాయడం మీ పని.

మా ఇంట్లో నాన్న బల్ల ఎక్కి ముందుగా రెక్కలమీది దుమ్మును తడిగుడ్డతో తుడిచారు. దుమ్ము మూడు రెక్కలమీదా ఒకేలా పేరుకోదు గదా! తుడిచేటప్పుడు రెండో చేతిని రెక్క కింద ఆనించారు. లేకపోతే ఆ నొక్కుడుకే రెక్క వంగిపోతుంది.

తరువాత కొలత. కప్పునుంచి రెక్క కొస దాకా ఎంత దూరమో స్కేలుతో చూశారు. ఒక రెక్క కొలిచాక స్కేలును కదల్చలేదు. ఫ్యానును చేత్తో తిప్పి, తక్కిన రెక్కలను అక్కడికే తెచ్చారు. కప్పు ఎగుడుదిగుడుగా ఉన్నా కొలత తప్పకుండా ఇది ఉపాయం. నేను రాసుకున్న లెక్క ఇది: మొదటి రెక్క 36 సెంటీమీటర్లు, రెండోది 36, మూడోది 37న్నర! దొంగ దొరికాడు. మూడో రెక్క మొదట్లో ఉన్న మరలలో ఒకటి వదులై, రెక్క కిందికి జారింది. మరలన్నీ బిగించాక మళ్ళీ కొలిస్తే 36కు వచ్చింది.

ఫ్యాను వేశాం. ఊగుడు చాలా తగ్గింది గాని పూర్తిగా పోలేదు. అప్పుడు రూపాయి బిళ్ళ వంతు వచ్చింది. మొదటి రెక్క పైభాగాన, నడిమికి, బిళ్ళను పెట్టి రెక్క చుట్టూ గట్టి టేపు చుట్టారు. టేపు వదులైతే బిళ్ళ రాయిలా ఎగిరి తగులుతుంది. అందుకని అందరం వాకిట్లోకి వెళ్ళాక, నాన్న గుమ్మం దగ్గరినుంచి ఫ్యాను వేశారు. ఊగుడు ఇంకా ఎక్కువయింది! రెండో రెక్కకు మార్చినా అంతే. మూడో రెక్కకు మార్చగానే తగ్గింది. అంటే ఆ రెక్కే తేలిక అన్నమాట. బిళ్ళను రెండంగుళాలు కొసవైపు జరిపితే ఇంకా తగ్గింది. అక్కడే ఉంచేశాం. మార్చిన ప్రతిసారీ మెయిన్ స్విచ్చి ఆపడం మరువలేదు.

ఇప్పుడు మా ఫ్యాను రవంత కదులుతుంది. కొక్కేనికి వేలాడే వస్తువు గనక ఆ పాటి కదలిక తప్పదు.

కాని ఈ వైద్యం రెక్కల జబ్బుకే. ఫ్యానును ఆపి, చేత్తో మెల్లగా కదిపినప్పుడు పైన కొక్కెం దగ్గర టకటకమంటే, లేక గొట్టం కింద బోల్టు ఊడకుండా గుచ్చిన చీలపిన్ను కనిపించకపోతే, ఆ ఫ్యానును ఇక వేయకండి. బోల్టు జారితే ఫ్యాను మొత్తం కింద పడుతుంది. అది మాత్రం మెకానిక్కు చేయవలసిన పని.

మా అమ్మమ్మ రెండు రోజులు ఫ్యానును అనుమానంగా చూసింది. మూడో రోజు మంచం మళ్ళీ దాని కిందికే వచ్చింది.