ఈఎస్సార్ తగ్గింది, జ్వరం తగ్గలేదు

ఎనిమిదేళ్ల పాపకు పదకొండు రోజులుగా జ్వరం వదల్లేదనుకుందాం. ప్లేట్‌లెట్లు 60 వేలకు పడిపోయాయి కాబట్టి ఇంట్లో అందరూ డెంగీ అనుకున్నారు. కానీ డెంగీలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయే వేళకు జ్వరం సాధారణంగా దిగిపోతుంది. ఈ పాపకు దిగలేదు. హిమోగ్లోబిన్ 8కి వచ్చింది, ఎడమ డొక్కలో ప్లీహం చేతికి తగులుతోంది. మొదట 60 ఉన్న ఈఎస్సార్ 12కి దిగిందని తండ్రి ఊరటపడ్డాడు. డాక్టరుకు అనుమానం వచ్చింది సరిగ్గా అక్కడే.

ఈఎస్సార్ పెరగాలంటే రక్తంలో ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ ఉండాలి. అది కరిగిపోతుంటే, ఒంట్లో మంట ఎంత ఉన్నా ఈఎస్సార్ తగ్గుతుంది. అంటే ఆ 12 కోలుకుంటున్న గుర్తు కాదు. ఇలా చేసే జబ్బుల్లో ఒకటి హీమోఫాగోసైటిక్ లింఫోహిస్టియోసైటోసిస్, పొట్టిగా హెచ్‌ఎల్‌హెచ్.

మామూలుగా మన రక్షక కణాలు పెర్ఫోరిన్ అనే ప్రోటీన్‌తో రోగకణానికి చిల్లు పెట్టి చంపుతాయి. శత్రువు పోగానే అవీ చల్లబడతాయి. హెచ్‌ఎల్‌హెచ్‌లో ఆ చల్లబడటమే జరగదు. అవి వదిలే రసాయనాలకు రెచ్చిపోయిన మాక్రోఫేజ్‌లు సొంత రక్తకణాలనే మింగుతాయి. కొందరు పిల్లల్లో పెర్ఫోరిన్ జన్యువులోనే లోపం ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న ప్రతులు వస్తేనే జబ్బు బయటపడుతుంది కాబట్టి మేనరికాల్లో ఆ అవకాశం ఎక్కువ. మిగతావారిలో ఇన్ఫెక్షనో, లింఫోమా అనే క్యాన్సరో, కీళ్లవాతం లాంటి జబ్బో దాన్ని రగిలిస్తుంది.

నిర్ధారణకు 2004 నాటి ఎనిమిది లక్షణాల జాబితాలో ఐదు కలవాలి. పాపకు జ్వరం ఒకటి, ప్లీహం రెండు, రెండు రకాల రక్తకణాలు తగ్గడం మూడు. ఫైబ్రినోజెన్ 110 వచ్చింది, 150 లేదా అంతకు తక్కువైతే లెక్కలోకి వస్తుంది, అది నాలుగు. ఫెరిటిన్ 500 దాటితే చాలు, ఈమెకు 9 వేలు, అది ఐదు. ఎముక మజ్జలో కణాలను మింగుతున్న మాక్రోఫేజ్‌లు తొలి పరీక్షలో కనబడకపోయినా జబ్బు లేదని కొట్టిపారేయలేం. అయినా స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు మజ్జ చూడటం మేలు, ఎందుకంటే లింఫోమా దాగి ఉంటే ఆ మందు దాన్ని తాత్కాలికంగా కప్పేస్తుంది.

తర్వాత వెతకాల్సింది నిప్పు పెట్టినదాన్ని. పాప చంకలో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు దొరికింది. అది పొదల్లో ఉండే చిన్న పురుగు కుట్టిన చోటు. జబ్బు స్క్రబ్ టైఫస్. దానికి డాక్సీసైక్లిన్ ఉంది. రేగిన కణాలను అణచడానికి డెక్సామెథసోన్ ఇస్తారు. లొంగకపోతే ఎటోపొసైడ్ అనే కీమో మందు కలుపుతారు. జన్యులోపమైతే ఇవన్నీ తాత్కాలికమే, చివరికి మజ్జ మార్పిడి కావాలి.

మందు పనిచేస్తోందో లేదో చెప్పేది మళ్లీ ఆ అంకెలే. జ్వరం దిగి, ఫెరిటిన్ తగ్గి, ఫైబ్రినోజెన్ పెరగాలి. అప్పుడు ఈఎస్సార్ కాస్త పెరిగినా తండ్రి భయపడనక్కర్లేదు.